పనిగంటలు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉన్నచోట హాఫ్ డే, గంటల పర్మిషన్‌లను సెలవు బ్యాలెన్స్‌లోంచి ఎలా తగ్గించాలి

ఒక ఆఫీసులో ముగ్గురు ఉన్నారనుకుందాం. అకౌంటెంట్ వారానికి ఐదు రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తారు. రిసెప్షనిస్ట్ ఐదు రోజులూ 6 గంటల చొప్పున చేస్తారు. టెక్నీషియన్‌కు సోమ, మంగళ, బుధవారాల్లో 9 గంటలు, శుక్రవారం 3 గంటలు ఉంటాయి, గురువారం రారు. వారానికి మొత్తం 30 గంటలు, నాలుగు పనిదినాలు. ముగ్గురికీ ఏడాదికి నాలుగు వారాల సెలవు ఉంది.

చాలాచోట్ల ఈ సెలవును రోజుల్లోకి మార్చి రాసుకుంటారు. టెక్నీషియన్‌కు వారానికి నాలుగు రోజుల చొప్పున 16 రోజులు వస్తాయి. గంటల పర్మిషన్ వస్తే సగటు రోజుతో భాగిస్తారు. 30 గంటలను 4తో భాగిస్తే సగటు రోజు ఏడున్నర గంటలు. ఇప్పుడు ఆ టెక్నీషియన్ ఒక శుక్రవారం రాలేదు. దాన్ని పూర్తి రోజు సెలవుగా పెడితే 1 రోజు పోతుంది. అదే శుక్రవారం, అవే మూడు గంటలను పర్మిషన్‌గా పెడితే 3ను 7.5తో భాగించి 0.4 రోజే తగ్గిస్తారు. మనిషి లేని సమయం ఒక్కటే అయినా, దరఖాస్తులో ఏ గడి ఎంచుకున్నారన్నదాన్ని బట్టి రెండు ధరలు పడ్డాయి. పైగా 16 రోజులూ తొమ్మిది గంటల రోజుల్లోనే వాడుకుంటే 144 గంటల సెలవు దక్కుతుంది. అన్నీ శుక్రవారాల్లో వాడితే 48 గంటలే దక్కుతుంది. రావాల్సింది మాత్రం 120.

రోజు మొత్తానికి ఒక కొలబద్ద, రోజులో భాగానికి మరో కొలబద్ద వాడటం వల్లే ఈ తేడా వస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఆ రెండింటినీ ఒకే కొలబద్ద కిందికి తేవడం కోసమే.

1. బ్యాలెన్స్‌ను నిమిషాల్లో పెట్టండి

లెడ్జర్‌లో రోజులు వద్దు, దశాంశ గంటలు కూడా వద్దు. పూర్ణ సంఖ్యల్లో నిమిషాలు చాలు. అకౌంటెంట్‌కు నాలుగు వారాలంటే 160 గంటలు, అంటే 9600 నిమిషాలు. రిసెప్షనిస్ట్‌కూ టెక్నీషియన్‌కూ 120 గంటలు, అంటే 7200 నిమిషాలు. ఏడాది కోటా లెక్కించేటప్పుడు వారాల సంఖ్యను వారపు నిమిషాలతో గుణించండి. రోజుల సంఖ్యను రోజువారీ సగటుతో గుణించే దారి పట్టకండి. సమాధానం ఒక్కోసారి ఒకటే వచ్చినా, ఆ దారిలో సగటు రోజు అనే అంకె మళ్లీ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

రోజుల దశాంశాలు ఎందుకు పనికిరావో చూడండి. 6 గంటల ఉద్యోగి గంట పర్మిషన్ పెడితే ఒకటిలో ఆరో వంతు, 0.1667. రెండు స్థానాలకు సరిచేస్తే 0.17. ఇలా ఆరు సార్లు వాడితే మొత్తం 1.02 రోజులు పోతాయి. ఒక రోజు పనికి ఒక రోజు కంటే ఎక్కువ సెలవు కట్ అవుతుంది. 7 గంటల ఉద్యోగికి ఇది తిరగబడుతుంది. గంటకు 0.14 చొప్పున ఏడు గంటలకు 0.98 తగ్గి, 0.02 రోజు ఖాతాలో మిగిలిపోతుంది. ఏడాది చివర ఈ తునకలు వాడుకోవడానికీ రావు, తీసేయడానికీ రావు. కొన్ని సందర్భాల్లో బ్యాలెన్స్ 0.98 ఉండగా ఉద్యోగి పూర్తి రోజు సెలవు అడిగితే సాఫ్ట్‌వేర్ తిరస్కరిస్తుంది. ఎందుకు తిరస్కరించిందో ఎవరికీ అర్థం కాదు.

కోటాను నెలనెలా జమ చేసే చోట కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఏడాదికి 7000 నిమిషాలు అనుకోండి. 12తో భాగిస్తే 583.33. ప్రతి నెలా 583 జమ చేస్తే ఏడాదికి 6996 అవుతాయి, నాలుగు నిమిషాలు మాయమవుతాయి. ప్రతి నెలా విడిగా భాగించకుండా, ఆ నెల వరకు మొత్తం రావాల్సినదాంట్లోంచి గత నెల వరకు వచ్చినదాన్ని తీసివేయండి:

```python
grant = total * k // 12 - total * (k - 1) // 12
```

ఇక్కడ `k` నెల సంఖ్య. మొదటి రెండు నెలల్లో 583 చొప్పున, మూడో నెల 584 వస్తాయి. డిసెంబరు ముగిసేసరికి సరిగ్గా 7000 జమై ఉంటాయి.

2. ప్రతి ఒక్కరి రోస్టర్‌ను తేదీలతో సహా రాయండి

రోస్టర్‌లో "రోజుకు 9 గంటలు" అని ఒక అంకె ఉంటే సరిపోదు. ఏ వారం ఏ సమయం నుంచి ఏ సమయం వరకు పని, మధ్యలో విరామం ఎప్పుడు, ఈ రోస్టర్ ఏ తేదీ నుంచి అమల్లో ఉంది అన్నవి మూడూ కావాలి. మన టెక్నీషియన్ రోస్టర్ ఇలా ఉందనుకుందాం: సోమ, మంగళ, బుధవారాల్లో 9:00 నుంచి 13:00, మళ్లీ 14:00 నుంచి 19:00. శుక్రవారం 10:00 నుంచి 13:00.

విరామాన్ని పని సమయంలోంచి తీసేసి, మిగిలిన ముక్కలనే నిల్వ చేయండి. అర్ధరాత్రి నుంచి నిమిషాలుగా రాస్తే లెక్క తేలిక. సోమవారం `(540, 780)`, `(840, 1140)` అవుతుంది. శుక్రవారం `(600, 780)`.

రాత్రి షిఫ్ట్ ఉంటే, షిఫ్ట్ మొదలైన తేదీకే మొత్తం షిఫ్ట్‌ను కట్టండి. 22:00కు మొదలై తెల్లవారి 6:00కు ముగిసే షిఫ్ట్‌ను `(1320, 1800)` అని రాయాలి. అందులో తెల్లవారుజామున 2 నుంచి 4 వరకు పర్మిషన్ కావాలంటే అది ముందు రోజు షిఫ్ట్‌లో 1560 నుంచి 1680 వరకు. క్యాలెండర్ తేదీ మారిందని దాన్ని మరుసటి రోజుకు రాస్తే, ఆ రోజు రోస్టర్‌లో ఆ సమయానికి పనే లేదు గనుక సున్నా నిమిషాలు తగ్గుతాయి. రాత్రి షిఫ్ట్ వాళ్లకు సెలవులు తగ్గడం లేదని తేలితే మొదట చూడాల్సింది దీన్నే. గడియారాన్ని ఏడాదికి రెండు సార్లు ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో ఆ ఒక్క రాత్రికి గడియారం లెక్క కాకుండా, ఆ షిఫ్ట్‌కు జీతం ఎన్ని నిమిషాలకు ఇస్తారో అన్ని నిమిషాలే తగ్గించండి.

ఎక్సెల్ ఫైళ్ల నుంచి రోస్టర్‌ను దించుకునేటప్పుడు ఒక తప్పు దాదాపు ప్రతిసారీ దొర్లుతుంది. ఎవరో ఏడున్నర గంటలను 7.30 అని రాసి ఉంటారు. కంప్యూటర్ దాన్ని దశాంశంగా చదివితే 438 నిమిషాలు వస్తాయి, రావాల్సింది 450. తేడా పన్నెండు నిమిషాలే కాబట్టి కంటికి ఆనదు. రోజు నిడివిని దశాంశంగా తీసుకోవడం మానేసి, మొదలు, ముగింపు సమయాల నుంచే లెక్కించుకుంటే ఈ తప్పు జరిగే వీలే ఉండదు.

3. ఏ దరఖాస్తునైనా ముందు సమయంగా మార్చండి, తర్వాతే నిమిషాలు లెక్కించండి

పూర్తి రోజు, హాఫ్ డే, పర్మిషన్ అనేవి మూడు రకాల లెక్కలు కావు. మూడూ "ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు రాను" అని చెప్పే మూడు పేర్లు మాత్రమే. కాబట్టి మూడింటినీ ఒకే చిన్న ఫంక్షన్ గుండా పంపవచ్చు. అడిగిన సమయం, పని ముక్కలు ఎంతమేరకు కలుస్తాయో అది లెక్కిస్తుంది:

```python
def leave_minutes(start, end, spans):
    total = 0
    for s, e in spans:
        total += max(0, min(e, end) - max(s, start))
    return total
```

టెక్నీషియన్ మంగళవారం 12:00 నుంచి 15:00 వరకు పర్మిషన్ అడిగారు. గడియారం ప్రకారం మూడు గంటలు. అందులో 13:00 నుంచి 14:00 విరామం. ఫంక్షన్ మొదటి ముక్కలో 60, రెండో ముక్కలో 60, మొత్తం 120 నిమిషాలు ఇస్తుంది. ఫారంలో "ఎన్ని గంటలు" అని మాత్రమే అడిగితే ఉద్యోగి నిజాయితీగా 3 అని రాస్తారు, తన భోజన విరామాన్ని కూడా సెలవులో పోగొట్టుకుంటారు. అందుకే ఫారంలో సమయాలు అడగండి, గంటలు సిస్టమ్ చెప్పాలి.

ఆఫీసు సెలవు దినం వస్తే ఆ రోజు ముక్కల జాబితాను ఖాళీ చేయండి. అప్పుడు వారం మొత్తానికి పెట్టిన సెలవులో ఆ రోజుకు సున్నా వస్తుంది, విడిగా షరతు రాయనక్కర్లేదు. టెక్నీషియన్ గురువారానికి కూడా అంతే. ఉద్యోగి అడిగిన తేదీకి మొత్తం సున్నా వస్తే మాత్రం దరఖాస్తును నిశ్శబ్దంగా మంజూరు చేయకండి. "ఆ సమయంలో మీకు పని లేదు" అని చూపించి ఆపండి. చాలాసార్లు అది తప్పు తేదీ అయి ఉంటుంది.

4. హాఫ్ డే హద్దు ఎక్కడో రోస్టర్‌లోనే రాయండి

గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

హాఫ్ డే అంటే అందరికీ నాలుగు గంటలు అనే నియమం మొదట వదిలేయాల్సినది. రిసెప్షనిస్ట్ రోజే ఆరు గంటలు. ఉదయం హాఫ్ డే, మధ్యాహ్నం హాఫ్ డే రెండూ పెడితే ఎనిమిది గంటలు కట్ అవుతాయి. టెక్నీషియన్ శుక్రవారం హాఫ్ డే పెడితే ఉన్న మూడు గంటలకు నాలుగు గంటలు పోతాయి.

దాని బదులు చాలామంది "ఆ రోజు నిమిషాల్లో సగం" అంటారు. ఇది మెరుగే, కానీ ఇందులోనూ ఒక చిక్కు ఉంది. టెక్నీషియన్ సోమవారం 540 నిమిషాలు, సగం 270. కానీ ఆఫీసులో ఉదయం హాఫ్ డే పెట్టినవాళ్లు భోజనం తర్వాత, 14:00కు వస్తారు. అంటే నిజంగా రానిది 240 నిమిషాలు, కట్ అయ్యేది 270. మధ్యాహ్నం హాఫ్ డే పెట్టినవాళ్లు 13:00కు వెళ్లిపోతారు, రానిది 300 నిమిషాలు, కట్ అయ్యేది అదే 270. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఉదయం హాఫ్ డే ఎవరూ పెట్టరు. 9:00 నుంచి 13:00 వరకు పర్మిషన్ పెడితే 240 తగ్గుతుంటే, అదే సమయానికి హాఫ్ డే పెడితే 270 ఎందుకు తగ్గించాలి?

దీనికి పొందికగా ఉండే దారులు రెండే. మొదటిది, హద్దును విరామం దగ్గర పెట్టి, నిజమైన నిమిషాలు తగ్గించడం. సోమవారం ఉదయం సగానికి 240, మధ్యాహ్నం సగానికి 300. రెండోది, రెండు సగాలూ సమానంగా ఉండాలనుకుంటే హద్దునే జరపడం. 270 పని నిమిషాలు పూర్తయ్యేది 14:30కు. కాబట్టి ఉదయం హాఫ్ డే పెట్టినవారు 14:30కు రావాలి, మధ్యాహ్నం హాఫ్ డే పెట్టినవారు 14:30 వరకు ఉండాలి. మా సలహా మొదటి దారి. భోజనం చేసి వచ్చిన మనిషిని అరగంట పాటు బయట నిలబెట్టే నియమం ఏ ఆఫీసులోనూ ఎక్కువ కాలం నిలవదు. నిజానికి అందరూ 14:00కే వస్తారు, ఆ అరగంట లెక్కలోకి రాకుండా పోతుంది.

విరామం లేని రోజుకు, ఉదాహరణకు శుక్రవారానికి, హద్దును నడిమధ్యలో పెట్టండి. 10:00 నుంచి 13:00లో అది 11:30, రెండు వైపులా 90 నిమిషాలు. రోజు బేసి నిమిషాలతో ఉంటే, 455 అనుకోండి, మొదటి సగానికి 227, మిగిలినదంతా రెండో సగానికి. రెండింటినీ 227.5 అని రాసి ఒక్కోదాన్ని పైకి సరిచేస్తే మొత్తం 456 అవుతుంది. రెండు సగాలు కలిస్తే ఎప్పుడూ సరిగ్గా పూర్తి రోజు రావాలి. ఇది తప్పితే హాఫ్ డే లెక్క తప్పినట్టే.

5. పర్మిషన్‌కు కనీస పరిమాణం, ఒకే రోజు రెండు దరఖాస్తులు

పర్మిషన్‌ను 15 లేదా 30 నిమిషాల గుణకాల్లోనే అడగాలన్న నియమం పెట్టుకోవచ్చు. కానీ ఆ నియమం అడిగే సమయానికే వర్తించాలి, తగ్గించే నిమిషాలకు కాదు. వారానికి 38 గంటల ఉద్యోగికి రోజు 7.6 గంటలు, అంటే 456 నిమిషాలు. ఇది 15తో భాగించబడదు. తగ్గింపును పైకి సరిచేస్తే ఒక పూర్తి రోజుకు 465 పోతాయి, కిందికి సరిచేస్తే 450. కాబట్టి పూర్తి రోజునూ హాఫ్ డేనూ ఈ నియమం నుంచి తప్పించండి. "ఇప్పటి నుంచి షిఫ్ట్ ముగిసే వరకు" అనే పర్మిషన్‌ను కూడా తప్పించండి, లేదంటే చివరి ఆరు నిమిషాలను అడగడానికి ఉద్యోగికి దారే ఉండదు.

ఒకే రోజుకు రెండు దరఖాస్తులు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. టెక్నీషియన్ సోమవారం ఉదయం హాఫ్ డే మంజూరైంది. తర్వాత అదే రోజుకు 12:00 నుంచి 15:00 పర్మిషన్ పెట్టారు. విడివిడిగా చూస్తే 240, 120. కానీ 12:00 నుంచి 13:00 వరకు గంట రెండింటిలోనూ ఉంది. ఇప్పటికే సెలవులో ఉన్న సమయాన్ని ఆ రోజు పని ముక్కల్లోంచి తీసేసి, మిగిలినవాటిపైనే కొత్త దరఖాస్తును లెక్కించండి. అప్పుడు 14:00 నుంచి 15:00 వరకు 60 నిమిషాలే వస్తాయి. ఉద్యోగికి ఆ 60నే చూపించి, ఒప్పుకున్నాకే మంజూరుకు పంపండి. ఈ పద్ధతిలో ఒక రోజు తగ్గింపు ఆ రోజు రోస్టర్‌ను ఎన్నడూ దాటదు.

6. లెడ్జర్‌లో లెక్కతో పాటు దాని ఆధారాన్నీ రాయండి

మంజూరైన ప్రతి సెలవుకూ ఒక పద్దు పడాలి: తేదీ, మొదలు, ముగింపు, తగ్గించిన నిమిషాలు, ఆ రోజు రోస్టర్‌లో ఉన్న మొత్తం నిమిషాలు, అప్పుడు అమల్లో ఉన్న రోస్టర్ ఏది అన్నది. పద్దును దిద్దకూడదు, తుడవకూడదు. మార్పు వస్తే కొత్త పద్దు పడాలి.

రద్దు చేసేటప్పుడు తగ్గింపును మళ్లీ లెక్కించకండి. పాత పద్దులో ఉన్న నిమిషాలనే వెనక్కి జమ చేయండి. మధ్యలో రోస్టర్ మారి ఉంటే, కొత్తగా లెక్కించినప్పుడు 240కి బదులు 180 రావచ్చు. అరవై నిమిషాలు ఎక్కడికి పోయాయో తర్వాత ఎవరూ చెప్పలేరు. రద్దు జమలు, అసలు తగ్గింపులు జతజతగా సమానంగా ఉన్నాయా అని నెలకోసారి చూసుకుంటే ఈ పొరపాటు వెంటనే దొరుకుతుంది.

7. పనిగంటలు మారిన రోజు

రిసెప్షనిస్ట్ రోజుకు 6 గంటల నుంచి 4 గంటలకు మారుతున్నారు. అప్పటికి బ్యాలెన్స్ 1800 నిమిషాలు. పాత లెక్కలో ఐదు రోజులు. మారిన తర్వాత నిమిషాలను అలాగే ఉంచితే ఏడున్నర రోజులవుతాయి. రోజులను అలాగే ఉంచితే 1200 నిమిషాలకు పడిపోతాయి, సంపాదించుకున్న పది గంటలు పోతాయి.

నిమిషాలను కదపకుండా ఉంచడమే సరైన ఆరంభ స్థానం. ఆ సెలవు ఆరు గంటల రోజులు పనిచేసినందుకు వచ్చింది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2010లో టిరోల్ కేసులో ఈ దిశలోనే తీర్పు ఇచ్చింది. పూర్తికాలం పనిచేస్తూ సంపాదించి, వాడుకునే అవకాశం రాక మిగిలిన సెలవును, పార్ట్‌టైమ్‌కు మారారన్న కారణంతో కుదించకూడదన్నది దాని సారం. గంటలు పెరిగిన సందర్భంలో, అప్పటికే వచ్చిన సెలవును వెనక్కి వెళ్లి పెంచనక్కర్లేదనీ, పెరిగిన కాలానికి మాత్రం కొత్త లెక్క వేయాలనీ అదే న్యాయస్థానం 2015లో చెప్పింది. మీ దగ్గర చట్టమో ఒప్పందమో వేరేలా చెబితే దాన్నే పాటించండి. అయితే ఆ మార్పును "రోస్టర్ మార్పు సర్దుబాటు" అనే ఒకే పద్దుగా, తేదీతో సహా రాయండి. గంటలు పెరిగినప్పుడు ముందే ఉద్యోగికి చెప్పడం మంచిది. 1200 నిమిషాలు నాలుగు గంటల రోజుల్లో ఐదు రోజులు, ఆరు గంటల రోజుల్లో మూడు రోజుల రెండు గంటలు. చెప్పకపోతే సెలవులు కోసేశారనే అనుకుంటారు.

ఎక్కువమంది మరిచిపోయేది వేరే ఉంది. మార్పు తేదీ తర్వాతి రోజులకు ముందే మంజూరైన సెలవులు పాత రోజు నిడివితో తగ్గించి ఉంటాయి. రోస్టర్ మారగానే ఆ తేదీ నుంచి మొదలయ్యే పద్దులన్నీ వెతికి, పాత నిమిషాలు వెనక్కి జమ చేసి, కొత్త రోస్టర్‌తో మళ్లీ తగ్గించాలి. మార్పు తేదీకి ముందరి పద్దులను ముట్టుకోకూడదు. గడిచిపోయిన సోమవారం అప్పటి రోస్టర్ ప్రకారమే గడిచింది.

8. ఒక ఖాతాను మొదటి నుంచి చివరి వరకు

టెక్నీషియన్ ఖాతాలో 1200 నిమిషాలు, అంటే 20 గంటలు ఉన్నాయి.

| పద్దు | మార్పు | మిగులు |
|---|---|---|
| సోమవారం మధ్యాహ్నం హాఫ్ డే, 14:00–19:00 | −300 | 900 |
| శుక్రవారం పూర్తి రోజు, 10:00–13:00 | −180 | 720 |
| మంగళవారం పర్మిషన్, 12:00–15:00 | −120 | 600 |
| బుధవారం ఉదయం హాఫ్ డే | −240 | 360 |
| ఆ హాఫ్ డే రద్దు | +240 | 600 |
| వచ్చే నెల శుక్రవారం పూర్తి రోజు | −180 | 420 |
| శుక్రవారం ఆరు గంటలకు మారింది, పాత పద్దు వెనక్కి | +180 | 600 |
| అదే సెలవు కొత్త రోస్టర్‌తో | −360 | 240 |

మొదటి మూడు పద్దులనే పాత పద్ధతిలో, ఏడున్నర గంటల సగటు రోజుతో వేసి చూడండి. 20 గంటలంటే 2.67 రోజులు. హాఫ్ డేకు 0.5, శుక్రవారానికి 1, రెండు గంటల పర్మిషన్‌కు 0.27, మొత్తం 1.77 పోయి 0.90 రోజు మిగులుతుంది. అంటే 6 గంటల 45 నిమిషాలు. మన లెడ్జర్‌లో అదే చోట 600 నిమిషాలు, అంటే 10 గంటలు ఉన్నాయి. మూడు దరఖాస్తులకే మూడుంబావు గంటలు తేడా వచ్చింది, అదీ ఉద్యోగికి నష్టంగా. ఇదే మనిషి తొమ్మిది గంటల రోజులే పూర్తి సెలవుగా పెట్టుకుని ఉంటే తేడా అటువైపు, యాజమాన్యానికి నష్టంగా వచ్చేది.

9. తెరమీద రోజుల్లో చూపించడం

లెడ్జర్ నిమిషాల్లో ఉన్నా, ఉద్యోగులు రోజుల్లోనే ఆలోచిస్తారు. రోజూ ఒకే గంటలు పనిచేసేవారికి ఇది సులువు. రిసెప్షనిస్ట్‌కు 1390 నిమిషాలుంటే 360తో భాగించి "3 రోజుల 5 గంటల 10 నిమిషాలు" అని చూపండి. 3.86 రోజులు అని చూపకండి, ఆ అంకెను ఎవరూ తమ పనిరోజుతో పోల్చుకోలేరు.

రోజుకో రకంగా పనిచేసే టెక్నీషియన్‌కు మాత్రం రోజుల అంకె చూపడమే తప్పుదారి పట్టిస్తుంది. "23 గంటల 10 నిమిషాలు" అని చూపి ఊరుకోండి. దరఖాస్తు ఫారంలో తేదీ ఎంచుకోగానే "ఈ రోజుకు 9 గంటలు తగ్గుతాయి, 14 గంటల 10 నిమిషాలు మిగులుతాయి" అని కనిపిస్తే, అంతకు మించి వివరణ అక్కర్లేదు.

10. సెలవు రోజుల్లోనే ఉండాలన్న నిబంధన ఉంటే

కొన్నిచోట్ల ఒప్పందమే సెలవును రోజుల్లో చెబుతుంది, మార్చడం కుదరదు. అప్పుడు కూడా సగటు రోజు జోలికి పోకండి. అడిగిన నిమిషాలను ఆ తేదీ రోస్టర్ నిమిషాలతోనే భాగించండి. సోమవారం మూడు గంటలు 180/540, అంటే మూడో వంతు. శుక్రవారం మూడు గంటలు 180/180, అంటే పూర్తి రోజు. పర్మిషన్‌గా పెట్టినా, పూర్తి రోజుగా పెట్టినా శుక్రవారం ఒకే ధర పడుతుంది. గంట విలువ రోజును బట్టి మారుతుంది, అది రోజుల లెడ్జర్‌తో తప్పని పరిమితి. ఆ పరిమితి నచ్చకపోతే నిబంధనను మార్చుకోవాలి, లెక్కను వంచకూడదు.

ఇక్కడ భిన్నాలను దశాంశాలుగా మార్చకుండా భిన్నాలుగానే ఉంచండి. పైథాన్‌లో `fractions.Fraction` సరిపోతుంది. డేటాబేస్‌లో లవం, హారం రెండు గడుల్లో పెట్టుకోవచ్చు. అప్పుడు మూడు సార్లు మూడో వంతు కలిస్తే సరిగ్గా ఒకటి వస్తుంది.

11. పాత దశాంశ బ్యాలెన్స్‌లను మార్చడం

ఇప్పటికే 4.37 రోజులు లాంటి బ్యాలెన్స్‌లు ఉన్న సిస్టమ్ నుంచి నిమిషాలకు మారుతుంటే, పాత దరఖాస్తులు సమయాలతో సహా దొరికినంత మేరకు ఈ ఏడాది మొదటి నుంచి లెడ్జర్‌ను మళ్లీ కట్టండి. అప్పుడు 0.17ల వల్ల పోయిన తునకలు కూడా తిరిగి వస్తాయి. దరఖాస్తులు దొరకనివారికి బ్యాలెన్స్‌ను వారి రోజు నిమిషాలతో గుణించండి. 6 గంటల ఉద్యోగికి 4.37ను 360తో గుణిస్తే 1573.2. దాన్ని ఉద్యోగికి మేలు జరిగేలా 1574గా సరిచేసి, "ప్రారంభ నిల్వ" అనే పద్దుగా వేయండి. సరిచేయడం ఈ ఒక్కసారే.

రోజుకో నిడివి ఉన్నవారి పాత బ్యాలెన్స్‌ను ఇలా గుణించడానికి ఒకే రోజు నిడివి ఉండదు. వారికి మాత్రం ఎంత శ్రమైనా దరఖాస్తుల నుంచే కట్టాలి. టెక్నీషియన్ పద్దుల్లో చూసినట్టు, సగటుతో వేసిన పాత అంకెలోనే గంటల కొద్దీ తేడా ఉండవచ్చు. దాన్ని మళ్లీ అదే సగటుతో గుణిస్తే ఆ తేడా కొత్త లెడ్జర్‌లోకి శాశ్వతంగా చేరుతుంది.

అమలుకు ముందు ఈ ఐదు పరీక్షలు పెట్టి చూడండి. ఒక రోజు రెండు సగాలు కలిస్తే ఆ రోజు మొత్తం వస్తోందా? అదే రోజును గంట గంటగా పర్మిషన్లు పెడితే అదే మొత్తం వస్తోందా? విరామాన్ని దాటే పర్మిషన్‌లో విరామం తగ్గకుండా ఉందా? రోస్టర్ మారాక పాత సెలవు రద్దు చేస్తే, మొదట తగ్గినంతే వెనక్కి వస్తోందా? అర్ధరాత్రి దాటిన షిఫ్ట్‌లో రెండో సగానికి పెట్టిన హాఫ్ డే సున్నా కాకుండా నిజమైన నిమిషాలు తగ్గిస్తోందా? వీటిని 480 నిమిషాల ఉద్యోగితో కాకుండా 455 నిమిషాల ఉద్యోగితో, టెక్నీషియన్ లాంటి రోస్టర్‌తో నడపండి. 480 నిమిషాల రోజుతో పరీక్షిస్తే తప్పుగా రాసిన లెక్క కూడా సరిగ్గానే కనిపిస్తుంది.